లింక్డ్‌ఇన్ అబౌట్‌లో "సీ మోర్" పైన కనిపించే ఆ రెండు మూడు లైన్లు ఎలా రాయాలి?

ల్యాబ్ కోటు · సోమవారం, రాత్రి 9:15

అందరికీ నమస్తే. హైదరాబాద్ శివార్లలో ట్యాబ్లెట్లు తయారుచేసే ఒక కంపెనీలో క్యూసీలో పనిచేస్తున్నాను. ఆరేళ్లయింది. పనంతా హెచ్‌పీఎల్‌సీ మీదే. స్టెబిలిటీ శాంపిళ్లు, మెథడ్ వ్యాలిడేషన్, ఇంప్యూరిటీలు. ఇప్పుడు రెగ్యులేటరీ అఫైర్స్‌కి, అంటే మందుల అనుమతుల కోసం ఏజెన్సీలకు ఫైళ్లు పంపే ఆర్ఏ విభాగానికి మారాలని చూస్తున్నాను. పాప స్కూల్లో చేరింది, నైట్ షిఫ్టులు కుదరడం లేదు. అదొక్కటే కాదు, ఆ పనంటే ఇష్టం కూడా.

లింక్డ్‌ఇన్‌లో నా ప్రొఫైల్ ఎవరో చూశారని నోటిఫికేషన్లు వస్తున్నాయి. మెసేజ్ మాత్రం ఎవరూ పెట్టడం లేదు. మా ఫ్రెండ్ చూసి, "అబౌట్‌లో పైన కనిపించే లైన్లు చదివాక సీ మోర్ నొక్కాలనిపించడం లేదే" అంది. అక్కడ ఇంగ్లీషులో ఉన్నదాన్ని అందరికీ వీలుగా తెలుగులో పెడుతున్నాను:

"ఆరేళ్ల అనుభవం ఉన్న, అంకితభావంతో, ఫలితాలే లక్ష్యంగా పనిచేసే ఫార్మా నిపుణురాలిని. ప్రస్తుతం ఒక ప్రముఖ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో సీనియర్ ఎగ్జిక్యూటివ్‌గా పనిచేస్తున్నాను. హెచ్‌పీఎల్‌సీ, జీఎంపీలో మంచి పరిజ్ఞానం ఉంది. కొత్త విషయాలు నేర్చుకోవడానికి, సవాళ్లను…"

ఇక్కడ కట్ అయిపోతోంది. నా హెడ్‌లైన్: "సీనియర్ ఎగ్జిక్యూటివ్, క్యూసీ | హెచ్‌పీఎల్‌సీ | జీఎంపీ". పైన ఏం రాస్తే మిగతాది చదువుతారు? దయచేసి చెప్పండి.

గ్రోత్ తమ్ముడు · సోమవారం, రాత్రి 9:40

అక్కా, నేను డిజిటల్ మార్కెటింగ్‌లో ఉన్నాను, ఇది మాకు రోజూ ఉండే పనే. కటాఫ్ 300 అక్షరాల దగ్గర పడుతుంది, ఆ లోపలే హుక్ ఉండాలి. ప్రశ్నతో మొదలుపెట్టు. "ఒక మందు మార్కెట్లోకి రావడానికి వెనక ఎంత పరీక్ష జరుగుతుందో మీకు తెలుసా?" అంటే జనం ఆగుతారు. హెచ్‌పీఎల్‌సీ, జీఎంపీ, రెగ్యులేటరీ లాంటి కీవర్డ్స్ అన్నీ మొదటి లైన్లోనే పెట్టు, లేకపోతే సెర్చ్‌లో పట్టుకోదు. రెండు ఎమోజీలు, బోల్డ్ ఫాంటు ఉంటే కన్ను అక్కడికే పోతుంది. బోల్డ్ చేసిపెట్టే సైట్లు ఉన్నాయి, కావాలంటే చెప్తాను.

పాత ఫైళ్లు · సోమవారం, రాత్రి 10:30

నేను ఫార్మా కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే పనిలో చాలా కాలంగా ఉన్నాను. తమ్ముడు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. పై భాగంలోనే పని జరగాలన్నది నిజం. 300 అన్నదాన్ని మాత్రం గట్టి లెక్కగా పట్టుకోకండి. కోత పడేది కనిపించే లైన్ల లెక్కన. కంప్యూటర్‌లో లైను వెడల్పు కాబట్టి ఎక్కువ మాటలు పడతాయి, ఫోన్‌లో అదే చోటులో చాలా తక్కువ పడతాయి. డిజైన్ కూడా అప్పుడప్పుడూ మారుస్తుంటారు. పైగా మొదటి వాక్యం రాసి, ఎంటర్ కొట్టి, ఖాళీ లైను వదిలితే ఆ ఖాళీ కూడా ఒక లైను కిందే పోతుంది. చాలామంది అందంగా ఉంటుందని ఒక్కో వాక్యం తర్వాత ఖాళీ వదులుతారు. ఫోన్‌లో చూస్తే ఒకటిన్నర వాక్యం కూడా మిగలదు.

అబౌట్ మొత్తానికి 2,600 అక్షరాల వరకు ఇస్తారు. సీ మోర్ కింద ఉన్నదేదీ ప్రొఫైల్‌లోంచి పోదు, కంటికి కనపడదు అంతే. కాబట్టి సెర్చ్ కోసమని మొదటి లైన్లో పదాలు కుక్కాల్సిన పని లేదు. ఆ పదాలకు హెడ్‌లైన్ ఉంది, స్కిల్స్ ఉన్నాయి, అబౌట్‌లో కింది పేరాలు ఉన్నాయి.

ఇక అసలు సంగతి. అమ్మా, మీ మొదటి మూడు వాక్యాల్లో హెడ్‌లైన్‌లో లేనిది ఏముంది? అబౌట్ దాకా వచ్చినవాడు మీ హోదా, మీ విభాగం, హెచ్‌పీఎల్‌సీ అన్న మాట అన్నీ పైనే చూసి వచ్చాడు. అదే మళ్లీ చెప్తే, కింద ఉన్నది కూడా ఇంతేనేమో అనుకుంటాడు. నాలాంటివాడికి ఆర్ఏ పోస్టు కోసం వెతుకుతున్నప్పుడు మీ ప్రొఫైల్ ఎదురైతే మనసులో వచ్చే ప్రశ్న ఒకటే: "ఈవిడ క్యూసీ మనిషి కదా, ఆర్ఏకి ఎలా పనికొస్తుంది?" ఆ ప్రశ్న తెచ్చిపెట్టింది మీ హెడ్‌లైనే. పై లైన్లు దానికి జవాబు మొదలుపెడితే చాలు, నేను సీ మోర్ నొక్కుతాను. జవాబు మొత్తం అక్కడే ఇమడాలని లేదు.

ల్యాబ్ కోటు · సోమవారం, రాత్రి 10:50

సార్, ఇది నాకు అసలు తట్టలేదు. నేను నన్ను పరిచయం చేసుకుంటున్నట్టు రాశాను. అయితే "రెగ్యులేటరీలోకి రావాలనుకుంటున్నాను" అని మొదటి లైన్లోనే చెప్పేయాలా?

మంగళగిరి మగ్గం · మంగళవారం, ఉదయం 6:30

నాదీ ఇదే బాధ అండి. మాది మంగళగిరిలో చేనేత చీరల పని, ఇంట్లోనే మూడు మగ్గాలు. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాం. అబౌట్‌లో మా తాతగారి దగ్గర్నుంచి మొత్తం కథ రాద్దామంటే చోటు చాలట్లేదు, మధ్యలోనే ఆగిపోతోంది. సీ మోర్ బటన్ ఎలా తెప్పించాలి?

పాత ఫైళ్లు · మంగళవారం, ఉదయం 8:10

అమ్మా, ఇన్‌స్టాగ్రామ్ బయో మొత్తం 150 అక్షరాలే. ఇక్కడ మాట్లాడుకుంటున్నది లింక్డ్‌ఇన్ అబౌట్ గురించి, దాని తీరు వేరు. మీ బయోలో కథ వద్దు. ఏం నేస్తారు, ఎక్కడ నేస్తారు, ఆర్డర్ ఎలా ఇవ్వాలి, ఈ మూడూ పెట్టండి. తాతగారి కథ ఫొటోతో ఒక పోస్టుగా పెట్టి పైన పిన్ చేయండి, చోటుకు కరువుండదు.

ల్యాబ్ కోటు గారూ, మీ ప్రశ్నకు: "రావాలనుకుంటున్నాను" అన్నది మీకు కావలసింది. చదివేవాడికి కావలసింది మీ దగ్గర ఏముందో. మొదటి లైను రెండోదానికి ఇవ్వండి. ఒకటి అడుగుతాను. మీరు తీసే డేటా కంపెనీలో ఎటు వెళ్తుంది? మీ బెంచీ మీద నుంచి రిపోర్టు సంతకమై వెళ్లాక దాన్ని ఎవరు వాడతారు?

ల్యాబ్ కోటు · మంగళవారం, మధ్యాహ్నం 1:20

వ్యాలిడేషన్ రిపోర్టులు, స్టెబిలిటీ డేటా ఆర్ఏ వాళ్లకే వెళ్తాయి సార్. అనుమతి కోసం ఏజెన్సీకి ఇచ్చే డాసియర్‌లో, మందు నాణ్యత వివరాలుండే మాడ్యూల్ 3లో పెడతారు. 3.2.P.5లో స్పెసిఫికేషన్లు, మెథడ్‌లు, వ్యాలిడేషన్. 3.2.P.8లో స్టెబిలిటీ. ఫైలులో లోపాలు చూపిస్తూ ఏజెన్సీ నుంచి డెఫిషియెన్సీ లెటర్ వస్తే అందులో అనలిటికల్ ప్రశ్నలు మళ్లీ మా దగ్గరికే వస్తాయి. వాటికి జవాబు డ్రాఫ్ట్ చేసేది చాలాసార్లు నేనే. ఆర్ఏ వాళ్లు దాన్ని సరిచేసి పంపుతారు.

పాత ఫైళ్లు · మంగళవారం, మధ్యాహ్నం 2:05

చూశారా, ఇంత ఉంచుకుని "అంకితభావం" అని రాశారు! డెఫిషియెన్సీకి జవాబు డ్రాఫ్ట్ చేయడమంటే ఆర్ఏ పనిలో ఒక ముక్క మీరు ఇప్పటికే చేస్తున్నట్టే. ఇది హెడ్‌లైన్‌లో లేదు, ఎక్స్‌పీరియన్స్‌లో ఉందో లేదో నాకు తెలియదు. పై లైన్లలో ఉండాల్సింది ఇదే. ఇప్పుడు మీరే ఒకటి రాసి పెట్టండి. నేను రాస్తే నా గొంతులా ఉంటుంది, ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

తెర వినేవాడు · మంగళవారం, సాయంత్రం 5:45

నేను చూపు లేనివాణ్ణి. బ్యాంకులో పని. తెర మీద ఉన్నది చదివి వినిపించే రీడర్లు, ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వాడతాను. బోల్డ్ ఫాంటు విషయం చూసి రాయక తప్పలేదు. ఆ సైట్లు ఇచ్చేది ఫాంటు కాదు. గణితంలో వాడే వేరే అక్షరాలను తెచ్చి మామూలు అక్షరాల స్థానంలో పెడతాయి. నా రీడర్‌కి అది ఇంగ్లీషు మాటలా వినపడదు. ఒక్కోచోట "మ్యాథమెటికల్ బోల్డ్ క్యాపిటల్ ఎస్" అంటూ ఒక్కో అక్షరాన్నీ చదువుతుంది, ఒక్కోచోట పూర్తిగా వదిలేసి ముందుకు పోతుంది. సీనియర్ అన్న మాట వినడానికి అరనిమిషం పడితే నేను ఆ ప్రొఫైల్ దాటేస్తాను.

ఎమోజీలు కూడా పేరు పెట్టి చదువుతుంది. మొదటి లైన్లో మూడు రాకెట్లు పెడితే నాకు "రాకెట్, రాకెట్, రాకెట్" అని వినపడ్డాకే మీ పేరో పనో తెలుస్తుంది. సీ మోర్ నాకు ఒక బటన్‌గా వస్తుంది, అక్కడ ఆగి రెండుసార్లు తట్టాలి. ముందు విన్న రెండు వాక్యాల్లో ఏదో ఉంటేనే తడతాను. చూపున్నవాళ్లకీ ఇంతేననుకుంటాను.

ఇంకొకటి. ఆ బోల్డ్ అక్షరాలు మామూలు అక్షరాలు కావు కాబట్టి, ఆ పేజీలో ఫైండ్ పెట్టి "HPLC" అని వెతికినా చాలాసార్లు దొరకవు. కీవర్డ్ కోసమని బోల్డ్ చేస్తే ఆ కీవర్డే పోతుంది.

గ్రోత్ తమ్ముడు · మంగళవారం, సాయంత్రం 6:10

అన్నా, ఈ సంగతి నాకు తెలియదు. ఇవాళ ఎన్‌వీడీఏ పెట్టి విన్నాను, మీరన్నట్టే ఉంది. బోల్డ్ మాట వదిలేద్దాం. ప్రశ్నతో మొదలుపెట్టడం మాత్రం పనిచేస్తుందనే నా నమ్మకం.

పాత ఫైళ్లు · మంగళవారం, సాయంత్రం 6:30

ఎవరు చదువుతారన్నదాన్ని బట్టి తమ్ముడూ. మందు మార్కెట్లోకి రావడానికి ఎంత పరీక్ష జరుగుతుందో ఆర్ఏ మేనేజర్‌కి బాగా తెలుసు. ఆ ప్రశ్న ఆయన కోసం అడిగింది కాదు. ఆయన్ని పట్టుకునే ప్రశ్న ఉంటే తప్పకుండా పెట్టవచ్చు. కానీ ఉన్న చోటే మూడు లైన్లు. అందులో ఒకటి ప్రశ్నకు పోతే జవాబుకు మిగిలేది తక్కువ.

ల్యాబ్ కోటు · మంగళవారం, రాత్రి 11:00

పాప పడుకున్నాక కూర్చుని రాశాను. చూడండి:

"మా ప్లాంటుకు గత ఏడాది వచ్చిన డెఫిషియెన్సీ లెటర్‌లో ఫలానా ట్యాబ్లెట్ ఇంప్యూరిటీ మీద అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబులు డ్రాఫ్ట్ చేసింది నేనే. ఆరేళ్లుగా క్యూసీలో స్టెబిలిటీ, వ్యాలిడేషన్ డేటా తీస్తున్నాను. అది వెళ్లేది మాడ్యూల్ 3లోకి…"

ప్రొఫైల్‌లో ట్యాబ్లెట్ పేరు ఉంది, ఇక్కడ తీసేశాను.

ఆడిట్ గది · బుధవారం, ఉదయం 7:20

మేడమ్, నేను క్వాలిటీ అష్యూరెన్స్‌లో, అదే క్యూఏలో ఉన్నాను. ముందు ప్రొఫైల్‌లో ఆ పేరు తీసేయండి, వీలైతే ఇప్పుడే. డెఫిషియెన్సీ లెటర్ కంపెనీకీ ఏజెన్సీకీ మధ్య నడిచే ఉత్తరం. ఫైలింగ్‌లో ఉన్న మందు ఏది, దాని మీద ఏం అడిగారు అన్నది పోటీ కంపెనీకి పనికొచ్చే సమాచారం. మీరు చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో గోప్యత ఒప్పందం ఉంటుంది, తీసి చదవండి. ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్‌లో కనపడిన లోపాలు రాసి ఇచ్చే 483 ఫారం సంగతీ అంతే. కొన్ని 483లు బయటికి వస్తాయి, నిజమే. అయినా లోపలి మనిషి తన ప్రొఫైల్‌లో దాని గురించి రాయడం వేరు. కొత్త కంపెనీ వాళ్లు చదివినా "రేపు మా సంగతులూ ఇలాగే పెడుతుందేమో" అనుకుంటారు. ఆర్ఏ ఉద్యోగానికైతే ఆ అనుమానం ఒక్కటి చాలు, పక్కన పెట్టేస్తారు.

పేరు తీస్తే చప్పగా అయిపోతుందని అనుకోకండి. పని ఎలాంటిదో చెప్పండి, మందు ఏదో చెప్పకండి. ఏడాది, ప్లాంటు, ప్రశ్నల లెక్క కూడా వద్దు. ఈ మూడూ కలిపితే మా ఫీల్డులో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ల్యాబ్ కోటు · బుధవారం, ఉదయం 7:45

తీసేశాను సార్. చాలా థాంక్స్.

డాలస్ చలి · బుధవారం, ఉదయం 9:10

హాయ్ అందరికీ. నేను డాలస్ దగ్గర మాస్టర్స్ పూర్తిచేసి, చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉన్నాను, డేటా ఇంజనీరింగ్. మా బ్యాచ్‌లో అందరి మొదటి లైను ఒకటే: "ఫుల్ టైమ్ అవకాశాల కోసం చూస్తున్నాను, ఎక్కడికైనా వస్తాను, ఓపీటీ". నేనూ అదే పెట్టాను. ఇక్కడ చెప్తున్నదాని ప్రకారం అది తీసేయాలా? కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేయగానే అడిగే మొదటి ప్రశ్న వీసా స్టేటసే. పైన లేకపోతే కాల్ కూడా రాదని సీనియర్లు అంటారు.

న్యూజెర్సీ నాయుడు · బుధవారం, సాయంత్రం 7:00

నేను ఇక్కడ ఒక టీమ్‌కి మనుషుల్ని తీసుకుంటాను, నా వైపు నుంచి చెప్తాను. ఉద్యోగం వెతుకుతున్నావన్న సంగతి చెప్పడానికి ఓపెన్ టు వర్క్ అన్న సెట్టింగే ఉంది. ఫొటో చుట్టూ ఆకుపచ్చ వలయం వద్దనుకుంటే రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. ఆ పని అది చేస్తుంటే మూడు లైన్లలో ఒక లైను మళ్లీ దానికే ఎందుకు? నాకు పైన కనపడాల్సింది నువ్వు ఏ పైప్‌లైన్ కట్టావు, రోజుకు ఎంత డేటా నడిచింది, ఎక్కడ తెగింది, ఎలా బాగుచేశావు. వీసా వివరం ఆఖరి పేరాలో ఒక వాక్యం చాలు.

డాలస్ చలి · గురువారం, ఉదయం 8:30

అన్నా, మీరు నేరుగా తీసుకునేవారు. మాకు ముందు తగిలేది మధ్యలో ఉండే వెండర్లు. వాళ్లు పైన చూసి దాటేస్తారు. నాకు మిగిలిన టైమ్ తక్కువ. అందుకే భయం.

పాత ఫైళ్లు · గురువారం, ఉదయం 9:00

డాలస్ తమ్ముడి ఇబ్బంది నాకు అర్థమవుతోంది. అమెరికా వెండర్ల తీరు నా చేతిలో ఉన్న విషయం కాదు, దాని మీద తీర్పు చెప్పను. ఒక పని చేయొచ్చు. హెడ్‌లైన్‌లో 220 అక్షరాలు ఉంటాయి. ఆ వివరం హెడ్‌లైన్ చివర పెట్టు. వెండర్ కంటికి అక్కడే పడుతుంది. అబౌట్ పై లైన్లు పనికి మిగులుతాయి.

న్యూజెర్సీ నాయుడు · గురువారం, ఉదయం 9:20

హెడ్‌లైన్‌లో వీసా చూడటం నాకు నచ్చదు, కానీ అబౌట్ కంటే అక్కడే నయం.

ల్యాబ్ కోటు · గురువారం, రాత్రి 10:40

మళ్లీ రాశాను. మందు పేరు లేదు, ఏడాది లేదు. ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలుగా పెట్టాను:

"స్టెబిలిటీ డేటా మీద ఏజెన్సీ ప్రశ్న అడిగినప్పుడు, మా ల్యాబ్ నుంచి జవాబు డ్రాఫ్ట్ చేసేది నేను. మాడ్యూల్ 3లోకి వెళ్లే డేటాను ఆరేళ్లుగా నా చేతులతో తీస్తున్నాను. ఆ ప్రశ్నలు ఎక్కడ పుడతాయో బెంచీ దగ్గరే కనిపెట్టడం నేర్చుకున్నాను. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో పెట్టిన శాంపిల్‌లో మూడో నెలకే ఒక ఇంప్యూరిటీ పెరుగుతుంటే…"

కంప్యూటర్‌లో "మూడో నెలకే" దాకా కనిపిస్తోంది. మా ఆయన ఫోన్‌లో చూస్తే "బెంచీ దగ్గరే" దగ్గరే తెగిపోయింది.

గ్రోత్ తమ్ముడు · గురువారం, రాత్రి 10:55

అక్కా, సూపర్. మూడో నెల దగ్గర తెగడం భలే కుదిరింది, ఎవరైనా నొక్కి తీరతారు. ఫోన్‌లో కూడా అక్కడే తెగేలా రెండో వాక్యం తీసేయ్.

పాత ఫైళ్లు · శుక్రవారం, ఉదయం 8:20

రెండో వాక్యం తీయకండి. కోత ఎక్కడ పడుతుందో మీ చేతిలో లేదు. ఒక ఫోన్‌కి సరిపెడితే ఇంకో ఫోన్‌లో మారుతుంది, అక్షరాలు పెద్దవి చేసుకుని చదివేవాళ్లకు ఇంకా ముందే తెగుతుంది. అందుకే నేను చూసేది ఒక్కటే. మొదటి వాక్యం దగ్గర తెగినా అర్థం రావాలి, రెండో దగ్గర తెగినా రావాలి. మీ మొదటి వాక్యం ఒక్కటే కనపడినా "ఈవిడ క్యూసీ కదా" అన్న నా అనుమానానికి జవాబు దొరికింది. ఆ ఇంప్యూరిటీ ఉదాహరణ అదనంగా వచ్చే ముచ్చట. కనపడితే మంచిది, లేకపోతే నష్టం లేదు.

చూసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. మీ లాగిన్‌లో మీ ప్రొఫైల్ తెరిస్తే మధ్యలో సలహాలు, ఎంతమంది చూశారన్న లెక్కలు మీకు మాత్రమే కనపడతాయి. అబౌట్ చాలా కిందికి పోయినట్టు ఉంటుంది. మీరు మీ ఆయన ఫోన్‌లో చూశానన్నారు, ఆయన లాగిన్‌లో అయితే అదే సరైన పద్ధతి.

ఇక సీ మోర్ నొక్కాక వచ్చే మొదటి వాక్యం ఏమిటో మాకు చూపించలేదు. ఇంప్యూరిటీ పెరుగుతుంటే అని ఆపి, కింద "కొత్త విషయాలు నేర్చుకోవడం ఇష్టం" అని పాత పేరా ఉంటే మోసపోయినట్టుంటుంది.

ల్యాబ్ కోటు · శుక్రవారం, మధ్యాహ్నం 1:30

కింద ఇలా ఉంది సార్: "…ఆరో నెల రిజల్ట్ దాకా ఆగకుండా 30 డిగ్రీలు, 65 శాతం తేమ దగ్గర పెట్టిన శాంపిళ్లను పరీక్షకు తీసుకోవాలని అప్పుడే ఆర్ఏకి, క్యూఏకి చెప్తాను. ఎందుకంటే యాక్సిలరేటెడ్‌లో సిగ్నిఫికెంట్ చేంజ్ కనపడితే ఏజెన్సీ అడిగే తర్వాతి డేటా అదే." ఆ తర్వాత చేసిన వ్యాలిడేషన్లు, వాడే సాఫ్ట్‌వేర్, చివర్లో ఆర్ఏ పాత్ర కోసం చూస్తున్నానని ఒక వాక్యం.

ఆడిట్ గది · శుక్రవారం, మధ్యాహ్నం 2:00

ఇందులో గోప్యత ఇబ్బంది లేదు. 40/75, 30/65 ఐసీహెచ్ గైడ్‌లైన్‌లో అందరికీ తెలిసినవే. "చెప్తాను" అన్నది మీరు నిజంగా చేసేదైతేనే ఉంచండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది: ఎవరికి చెప్పారు, ఏ కాగితం మీద, వాళ్లేం చేశారు.

ల్యాబ్ కోటు · శుక్రవారం, మధ్యాహ్నం 2:10

చేసిందే సార్. ట్రెండ్ రిపోర్టుతో పాటు మెయిల్ పెట్టాను.

డాసియర్ డెస్క్ · శనివారం, ఉదయం 11:15

ఆలస్యంగా చూశాను. నేను ఆర్ఏలో ఉన్నాను, ఇలాంటి ప్రొఫైళ్లు మా మేనేజర్ నాతో కూడా చదివిస్తారు. పాత దానికీ దీనికీ పోలికే లేదు. అయినా నాకొక అభ్యంతరం ఉంది. మొత్తం అనలిటికల్ వైపే నిలబడి మాట్లాడుతున్నట్టుంది. ఆర్ఏలో రోజులో ఎక్కువ భాగం డాక్యుమెంట్లు తెప్పించుకోవడం, ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూడటం, గడువులు. ల్యాబ్ నుంచి వచ్చిన కొందరు ఆ పనికి విసిగిపోయి వెనక్కి వెళ్లిపోయారు. నేనైతే పై లైన్లలో "డ్రాఫ్ట్ చేసేది నేను" తర్వాత గడువు మాట ఒకటి చూడాలనుకుంటాను. జవాబు గడువు లోపల, ఎన్ని విభాగాల దగ్గర్నుంచి కాగితాలు తెప్పించి ఇచ్చారు అన్నది.

పాత ఫైళ్లు · శనివారం, మధ్యాహ్నం 12:00

మంచి మాట. కానీ అది పైన పెడితే ఇంప్యూరిటీ ముచ్చట కంప్యూటర్‌లో కూడా కనపడదు. నా ఓటు ఇంకా దానికే. గడువులు పాటిస్తామని అందరూ రాస్తారు, మూడో నెల సంగతి ల్యాబ్‌లో నిలబడినవాళ్లే రాయగలరు.

డాసియర్ డెస్క్ · శనివారం, మధ్యాహ్నం 12:20

మీరు మనిషిని వెతికేవారు, నేను ఆ మనిషి పక్కన కూర్చునేదాన్ని. మీకు ప్రతిభ కనపడాలి, నాకు ఓపిక కనపడాలి. ఏది ముందన్నది ఆవిడే తేల్చుకోవాలి.

తెర వినేవాడు · శనివారం, మధ్యాహ్నం 3:40

కొత్తది రీడర్‌లో విన్నాను. వాక్యాలు చిన్నవి కాబట్టి సాఫీగా ఉంది. నేను ఫార్మా మనిషిని కాను, మాడ్యూల్ 3 అంటే నాకు తెలియదు. అయినా మొదటి వాక్యంలోనే ఏం పనో అర్థమైంది.

పలనాడు పంతులు · శనివారం, సాయంత్రం 6:15

చిన్న సందేహం. నేను తెలుగు భాషా అనువాదకుణ్ణి. నా అబౌట్ తెలుగులోనే రాయాలని ఉంది. ఇంగ్లీషుతో పోలిస్తే పైన కనిపించేది తగ్గుతుందా?

న్యూజెర్సీ నాయుడు · శనివారం, రాత్రి 8:00

తగ్గుతుందండి. మన లిపి వెడల్పు, లైనుకు మాటలు తక్కువ పడతాయి. 2,600 లెక్క కూడా త్వరగా కరిగిపోతుంది. "స్త్రీ" అని రాస్తే మనకు ఒక అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. లింక్డ్‌ఇన్‌లో ఇంకో భాషలో ప్రొఫైల్ జతచేసుకునే వీలు ఉంది. ఇంగ్లీషుది ఒకటి, తెలుగుది ఒకటి విడిగా పెట్టుకోవచ్చు. మీకు పని ఇచ్చేది తెలుగు చదవలేని క్లయింటైతే ఇంగ్లీషు తప్పదు. ఒకే అబౌట్‌లో రెండూ కలిపితే పైన కనిపించేది ఏదో ఒకటే.

ల్యాబ్ కోటు · ఆదివారం, రాత్రి 9:30

ప్రస్తుతానికి డాసియర్ డెస్క్ గారి గడువు మాటను సీ మోర్ కింద మొదటి పేరా చివర పెట్టాను, పైన మార్చలేదు. ఒక నెల ఇలా ఉంచి, తర్వాత గడువు మాటను పైన పెట్టి చూస్తాను. ఒక్క టెన్షన్ మిగిలింది. మా మేనేజర్ లింక్డ్‌ఇన్‌లో నాతో కనెక్ట్ అయి ఉన్నారు. మార్చినట్టు ఆయనకు తెలుస్తుందా?

ఆడిట్ గది · ఆదివారం, రాత్రి 9:50

సెట్టింగ్స్‌లో విజిబిలిటీ కింద, ప్రొఫైల్ మార్పులను నెట్‌వర్క్‌కి చెప్పాలా అన్నది ఉంటుంది. ముందు అది ఆఫ్ చేసి, తర్వాత మార్చండి. ఆయన మీ ప్రొఫైల్ తెరిస్తే మాత్రం చదువుతారు, దాన్ని ఆపలేరు. మీ ఆఖరి వాక్యం, ఆర్ఏ పాత్ర కోసం చూస్తున్నానన్నది, అందుకే నన్నడిగితే తీసేయండి. పై లైన్లు చదివిన రిక్రూటర్‌కి అది లేకపోయినా అర్థమవుతుంది. మేనేజర్ అడిగితే "నేను చేసే పనే రాశాను" అని చెప్పొచ్చు.

పాత ఫైళ్లు · ఆదివారం, రాత్రి 10:15

తీసేసి, ఓపెన్ టు వర్క్‌ని రిక్రూటర్లకు మాత్రమే అని పెట్టుకోండి. మీ కంపెనీ రిక్రూటర్లకు కనపడకుండా లింక్డ్‌ఇన్ ప్రయత్నిస్తుంది గానీ పూర్తి గ్యారంటీ లేదని వాళ్లే చెప్తారు. అది తెలుసుకుని పెట్టండి.